ఓటీ చేస్తే పై స్లాబ్‌లో పడి జీతం తగ్గుతుందా?

ప్రశ్న: ఇంక్రిమెంట్‌తో నా జీతం ఏడాదికి 16.5 లక్షలు దాటుతోంది. ఓటీ కూడా చేస్తే పై స్లాబ్‌లో పడి చేతికొచ్చేది తగ్గుతుందని మా షాప్‌లో అందరూ అంటున్నారు. కొత్త ట్యాక్స్ విధానంలో ఉన్నాను. ఓటీ వద్దని చెప్పేయాలా?

చెప్పకండి. మీ జీతం స్థాయిలో ఓటీ వల్ల చేతికొచ్చే డబ్బు ఎప్పటికీ తగ్గదు, పెరిగే తీరుతుంది. నిజంగా తగ్గే చోటు ఒకటుంది కానీ అది మీకంటే తక్కువ జీతం వాళ్ల దగ్గర ఉంది. దాని సంగతి కింద రాస్తాను, ఎందుకంటే మీ షాప్‌లో కుర్రాళ్లు కొందరు సరిగ్గా అక్కడే ఉండి ఉంటారు.

నేను పటాన్‌చెరు వైపు ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో జీతాల సెక్షన్‌లో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ప్రతి మార్చిలో మా కిటికీ ముందు ఇదే ప్రశ్న. అడిగేవాళ్లు అమాయకులేం కాదు. మైక్రోమీటర్ పట్టి మిల్లీమీటర్‌లో వందో వంతు తేడా చెప్పగల మనుషులు. అయినా పే స్లిప్ చూసి మోసపోతారు. తప్పు వాళ్లది కాదు, స్లిప్‌ది. అదెలాగో ఒక మనిషి లెక్కతోనే చెబుతాను.

మా దగ్గర ఒక సీనియర్ ఫిట్టర్ ఉన్నాడు. వయసులో నాకంటే పెద్ద, నన్ను తమ్మీ అంటాడు. 2025-26లో ఆయన నెల జీతం 1,38,000. అంటే ఏడాదికి 16,56,000. అందులోంచి జీతగాళ్లందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 15,81,000. ఆ ఏడాది కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. 4 నుంచి 8 దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం, 12 నుంచి 16 దాకా 15 శాతం, 16 నుంచి 20 దాకా 20 శాతం. ఆపైన ఇంకా మెట్లున్నాయి, మనకు ఇక్కడ అక్కర్లేదు. అంటే మా ఫిట్టర్ అన్న 20 శాతం మెట్టుకు 19,000 కింద ఉన్నాడు.

జనవరిలో షట్‌డౌన్ పడింది. మెషీన్లన్నీ విప్పి ఓవర్‌హాల్ చేసే పని. ఓటీకి మామూలు గంట రేటుకు రెట్టింపు కాబట్టి దాదాపు 45 గంటల పనికి ఆయనకు 60,000 వచ్చాయి. ఆ మొత్తం ఫిబ్రవరి జీతంతో కలిపి ఇచ్చాం. ఫిబ్రవరి స్లిప్ చూసి ఎవరూ ఏమీ అనలేదు, డబ్బు బాగానే పడింది కాబట్టి. మార్చి స్లిప్ వచ్చిన రోజు మధ్యాహ్నం ఆయన కిటికీ దగ్గరికి వచ్చి కాగితం లోపలికి తోసి, "ఏంది తమ్మీ ఇది, ఓటీ చేసినందుకు జీతం కోస్తరా?" అన్నాడు. వెనక ఇంకో నలుగురు.

స్లిప్‌లో అంకె తప్పు లేదు. మార్చిలో ఓటీ లేదు, మామూలు జీతమే. కానీ జీతంలోంచి ముందే కోసే పన్ను, అదే టీడీఎస్, ఎప్పుడూ 10,153 ఉండేది 15,899 అయింది. అంటే ఏ ఓటీ లేని నెలలో మామూలు కంటే 5,746 రూపాయలు తక్కువ. చూసినవాడికి ఏమనిపిస్తుంది? స్లాబ్ మారింది, ఇక ఉన్న జీతం మీద కూడా ఎక్కువ పన్ను కోస్తున్నారు అనిపిస్తుంది. ఆయన అదే అనుకున్నాడు. సాయంత్రానికి షాప్ అంతా అదే అనుకుంది. తర్వాతి నెలలో సూపర్‌వైజర్ ఓటీకి పేర్లు రాయమంటే ఆ గ్యాంగ్‌లో ఒక్కరూ రాయలేదు.

ఇక అసలు జరిగింది చూడండి. ఓటీ 60,000 కలిపితే ఆయన పన్ను ఆదాయం 15,81,000 నుంచి 16,41,000 అయింది. ఈ 60,000లో మొదటి 19,000 ఇంకా పాత మెట్టులోనే ఉంది, దాని మీద 15 శాతం, అంటే 2,850. మిగతా 41,000 మాత్రమే పై మెట్టు ఎక్కింది, దాని మీద 20 శాతం, అంటే 8,200. రెండూ కలిపి 11,050, దాని మీద 4 శాతం సెస్సు 442. మొత్తం 11,492. ఓటీ 60,000లో ఇది పోగా ఆయనకు మిగిలింది 48,508. కింది 16 లక్షల మీద పన్ను ఓటీకి ముందు ఎంత లెక్కో తర్వాతా అంతే. అందులో ఒక్క రూపాయి కూడా 20 శాతం కిందికి రాలేదు.

క్యాంటీన్‌లో కూర్చుని ఇది కాగితం మీద వేస్తుంటే ఆయన అడ్డుపడ్డాడు. "16 దాటినంక అంతా 20 శాతమే గద?" అన్నాడు. అలాగే లెక్క వేసి చూపించాను. 16,41,000 మీద మొత్తానికి 20 శాతం వేస్తే 3,28,200 రావాలి. ఆయనకు సెస్సు కాకుండా ఏడాది మొత్తానికి పడ్డ పన్ను 1,28,200. సరిగ్గా 2 లక్షల తేడా. పన్నెండు స్లిప్పులూ తెచ్చి టీడీఎస్ గడి కూడుకోమన్నాను. కూడితే సెస్సుతో కలిపి 1,33,328 వచ్చింది, 1,28,200 మీద 4 శాతం కలిపితే వచ్చేదీ అదే. అప్పుడు నమ్మాడు. నా మాట నమ్మలేదు, తన స్లిప్పులు నమ్మాడు. అదే సరైన పద్ధతి, మీరూ అలాగే చేయండి.

మరి మార్చిలో 5,746 ఎందుకు తగ్గింది? జీతం మీద పన్ను ఏ నెలకు ఆ నెల తేల్చేది కాదు. ఏడాది మొత్తం ఆదాయం ఎంత ఉండొచ్చో అంచనా కట్టి, దాని మీద పన్ను వేసి, నెలలకు పంచి కోస్తారు. ఏప్రిల్ నుంచి జనవరి దాకా ఆయనకు ఓటీ లేని అంచనాతో కోశాం. ఓటీ ఫిబ్రవరిలో లెక్కలోకి వచ్చింది. అప్పటికి ఏడాదిలో మిగిలినవి రెండు నెలలే. అందుకని ఆ 11,492ను సగం ఫిబ్రవరిలో, సగం మార్చిలో కోయాల్సి వచ్చింది. ఫిబ్రవరి సగం 60,000 కింద కనపడకుండా పోయింది, మార్చి సగం ఒంటరిగా నిలబడి కనపడింది. అదే ఓటీ మేలో వచ్చి ఉంటే పదకొండు నెలలకు చీలి నెలకు వెయ్యి చిల్లరగా పోయేది, ఎవరూ గమనించేవారు కాదు. కొన్ని కంపెనీలు మొత్తం మార్చిలోనే కోస్తాయి, అక్కడ గొడవ ఇంకా పెద్దగా ఉంటుంది.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పాలి. స్లిప్‌లో టీడీఎస్ అని ఒక గడి, ఒక అంకె, అంతే. దాని పక్కన "ఇందులో ఓటీకి ఇంత, మామూలు జీతానికి ఇంత" అని ఒక వరస ముద్రిస్తే ఈ గొడవ సగం ఉండదు. సాఫ్ట్‌వేర్‌కు అది తెలుసు, లెక్క వేసేదే అది. మా దగ్గర ఎన్నిసార్లు అడిగినా ఫార్మాట్ మార్చలేదు. యూనియన్ వాళ్లు ఎన్నో అడుగుతారు, దీన్ని అడగరు. ఒక్క వరస లేక మనుషులు రెట్టింపు కూలీ వచ్చే పని వదులుకుంటున్నారంటే నాకు నిజంగా కడుపు మండుతుంది.

స్లాబ్ దాటితే మొత్తం మీద పెద్ద రేటు పడుతుందనే భయం జనానికి ఊరికే రాలేదు. కరెంటు బిల్లు నేర్పింది. తెలంగాణలో 2022లో పెంచిన టారిఫ్ తీసుకోండి. ఇంటి మీటర్ 200 యూనిట్ల దగ్గర ఆగితే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున కరెంటు ఛార్జీ 820. ఒక్క యూనిట్ ఎక్కువ తిరిగి 201 అయితే మొదటి 200కు కూడా 5.10 పడుతుంది, ఆ ఒక్కదానికి 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల 70 పైసలు! గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇంట్లో అయితే 200 దాటగానే బిల్లు మొత్తం కట్టాలి. నెలాఖరులో మీటర్ చూసుకుంటూ గీజర్ ఆపే ఇల్లాలికి స్లాబ్ అంటే అదే అర్థం. ఇంట్లో అలా చూసినవాళ్లు ఆదాయం పన్నును కూడా అలాగే ఊహించుకుంటారు. కానీ ఆదాయం పన్నులో పై మెట్టు రేటు కింది మెట్టును ముట్టదు.

ఈ భయం మీద బతికేవాళ్లూ ఉన్నారు. ఫిబ్రవరి వచ్చిందంటే మా గేటు దగ్గర పాలసీలు అమ్మేవాళ్లు తిరుగుతుంటారు. "సార్, మీరు స్లాబ్ దాటిపోతున్నారు, పాలసీ తీసుకుంటే కిందికి వస్తారు" అంటారు. కొత్త విధానంలో ఉన్నవాడికి ఎల్ఐసీ ప్రీమియం మీద మినహాయింపే లేదు. పాలసీ ఎంత పెద్దది తీసుకున్నా పన్ను ఒక్క రూపాయి తగ్గదు. మా దగ్గర ఒకతను ఇలా ఏడాదికి 50,000 చొప్పున కట్టే పాలసీకి సంతకం పెట్టి, స్లిప్‌లో ఏమీ తగ్గలేదేమని మమ్మల్ని అడిగాడు. ఆ అమ్మినవాడి మీద నాకున్న కోపం ఇక్కడ రాయలేను.

ఇప్పుడు భయం నిజమయ్యే చోటు. ఇది 12 లక్షల దగ్గర ఉంది. కొత్త విధానంలో పన్ను ఆదాయం 12 లక్షలు మించకపోతే రిబేటు ఇచ్చి పన్నును సున్నా చేస్తారు. జీతగాడికి 75,000 కలుపుకుంటే జీతం 12,75,000 దాకా సున్నా. కానీ 12 లక్షలకు స్లాబుల ప్రకారం పన్ను 60,000 ఉంది, రిబేటు దాన్ని కప్పి ఉంచుతోంది, అంతే. హద్దు దాటితే రిబేటు పోతుంది. ఒక్క రూపాయి దాటినందుకు 60,000 వసూలు చేస్తే ఘోరం కాబట్టి, హద్దు మీద ఎంత సంపాదించావో అంతకు మించి పన్ను వేయం అన్నారు. మార్జినల్ రిలీఫ్ అంటే ఇదే. దీని అసలు అర్థం, ఆ హద్దు మీద కొంత దూరం సంపాదించేదంతా పన్నుకే పోతుంది. దాని పైన 4 శాతం సెస్సు కూడా వేస్తారు.

మా టూల్ రూమ్‌లో ఒక కుర్రాడి లెక్క ఇది. జీతం 12,60,000, పన్ను ఆదాయం 11,85,000, పన్ను సున్నా. అదే షట్‌డౌన్‌లో ఓటీ 45,000 వచ్చింది. పన్ను ఆదాయం 12,30,000 అయింది. మామూలు స్లాబుల ప్రకారం 64,500 పడాలి, మార్జినల్ రిలీఫ్ దాన్ని 30,000కు కుదించింది. సెస్సు 1,200. మొత్తం 31,200. 45,000 ఓటీకి అతనికి మిగిలింది 13,800. 15,000 ఓటీ చేసి ఆపేసి ఉంటే 15,000 మొత్తం అతనికే మిగిలేది. అంటే చివరి 30,000 ఓటీ చేసి జేబులోంచి 1,200 ఎదురు కట్టాడు. రెట్టింపు కూలీ పని, రాత్రి షిఫ్టులు, చివరికి చేతి చమురు వదిలింది. ఇతనికి "ఓటీ చెయ్, లాభమే" అని చెప్పినవాడు లెక్క వేయకుండా చెప్పాడన్నమాట.

ఈ గుంట ఎంత దూరమో కూడా లెక్క ఉంది. సెస్సుతో కలిపి చూస్తే పన్ను ఆదాయం దాదాపు 12,73,934 చేరే దాకా, 12 లక్షల దగ్గర ఆగినవాడి కంటే చేతికి తక్కువే మిగులుతుంది. జీతంలో చెప్పుకుంటే 12,75,000 నుంచి దాదాపు 13,49,000 దాకా. అది దాటాక మళ్లీ మామూలే, ప్రతి అదనపు రూపాయిలో 84 పైసల పైచిలుకు మిగులుతుంది. కాబట్టి ఈ కుర్రాడి లాంటివాళ్లకు రెండే దారులు. 12,75,000 లోపు ఆగాలి, లేదా ఓటీ, ఇంక్రిమెంట్ కలిపి 13,49,000 మీదకు బాగా దూకాలి. మధ్యలో దిగితే ఆ కష్టానికి ప్రతిఫలం లేదు.

"మార్చిలో చేసిన ఓటీ డబ్బు ఏప్రిల్‌లో ఇవ్వండి, వచ్చే ఏడాదిలో పడుతుంది" అని అడుగుతుంటారు. కుదరదు. జీతం బకాయి పడిందా, చేతికి అందిందా, ఏది ముందైతే ఆ ఏడాదికే లెక్క. మార్చి పనికి మార్చిలోనే హక్కు వచ్చింది కాబట్టి అది మార్చిదే. చట్టంలో ఉన్న నికరమైన దారి ఎన్‌పీఎస్ అనే పెన్షన్ పథకం. కంపెనీ తన వాటాగా మీ ఎన్‌పీఎస్ ఖాతాలో వేసే మొత్తానికి బేసిక్, డీఏ కలిపిన దాంట్లో 14 శాతం దాకా కొత్త విధానంలోనూ మినహాయింపు ఉంది. కుర్రాడి బేసిక్, డీఏ ఏడాదికి 6 లక్షలు అనుకుంటే 84,000 దాకా వేయొచ్చు. జీతంలో 30,000 ఆ రూపంలోకి మార్చి ఉంటే అతను 12 లక్షల దగ్గరే ఆగేవాడు, 31,200 పన్ను పడేది కాదు. కాకపోతే ఆ డబ్బు పెన్షన్ ఖాతాలో ఉంటుంది, చేతిలో ఉండదు. ఇది ఏడాది మొదట్లోనే కంపెనీతో మాట్లాడి జీతం పొందికలో పెట్టించుకోవాలి. మార్చిలో కిటికీ దగ్గరికి వచ్చి అడిగితే మేం చేయగలిగేది ఏమీ ఉండదు. పైగా చాలా కంపెనీలు ఈ సదుపాయం ఆఫీసర్లకు ఇచ్చి కార్మికులకు ఇవ్వవు. ఇది నాకు అస్సలు నచ్చని సంగతి, ఎందుకంటే గుంటలో పడేది ఎక్కువగా కార్మికులే.

వేతన ఒప్పందం ఆలస్యమై రెండు మూడేళ్ల బకాయిలు ఒకేసారి వస్తే అది వేరే కథ. అప్పుడు నిజంగానే పాత ఏళ్ల డబ్బు ఈ ఏడాది పై మెట్టు ఎక్కుతుంది. దానికి చట్టంలో ఊరట ఉంది, రిటర్ను వేసే ముందు ఆన్‌లైన్‌లో దాని ఫారం నింపాలి. ఫారం వేయకుండా రిటర్నులో ఊరట అడిగితే నోటీసు వస్తుంది. ఓటీకి ఇది వర్తించదు, ఈ ఏడాది పని ఈ ఏడాది ఆదాయమే.

మీ విషయానికి వస్తే, 16.5 లక్షలు అన్నది మీ జీతం. 75,000 తీసేస్తే పన్ను ఆదాయం 15,75,000, అంటే మీరింకా 15 శాతం మెట్టులోనే ఉన్నారు. ఏడాదిలో మొదటి 25,000 ఓటీలో ప్రతి రూపాయికి సెస్సు పోను 84.40 పైసలు మీకు మిగులుతాయి. ఆ తర్వాత చేసే దాంట్లో రూపాయికి 79.20 పైసలు. ఉదాహరణకు 50,000 ఓటీ చేస్తే 21,100, 19,800 కలిపి 40,900 చేతికి. పైగా ఓటీ మీద పీఎఫ్ కోత లేదు, కాబట్టి మామూలు జీతంలో రూపాయి కంటే ఓటీ రూపాయి చేతికి ఎక్కువే తెస్తుంది. ఏడాది మొదటి నెలల్లో చేసే ఓటీ అయితే టీడీఎస్ పలచగా చీలుతుంది, జనవరి తర్వాత చేసేదైతే మార్చి జీతం తగ్గి కనపడుతుందని ముందే ఇంట్లో చెప్పి పెట్టుకోండి. చిట్టీ వాయిదా, ఈఎంఐ మార్చి జీతం మీద పెట్టుకున్నవాళ్లు ఫిబ్రవరిలో వచ్చిన ఓటీలోంచి ఆ మాత్రం పక్కన ఉంచుకోవాలి. ఆపైన మీ జీతాల సెక్షన్‌లో ట్యాక్స్ కంప్యుటేషన్ షీట్ అడగండి. స్లిప్ కాదు, షీట్. ఏడాది అంచనా ఆదాయం, మెట్టుమెట్టుకూ పన్ను, ఇప్పటిదాకా కోసింది, మిగిలిన నెలల్లో కోయాల్సింది అన్నీ అందులో ఉంటాయి. అది చూపించడానికి సణిగితే రాతపూర్వకంగా అడగండి, ఇస్తారు.